ఖర్చు భరించలేక విదేశీ సీటు వద్దనుకున్నప్పుడు అడ్మిషన్స్ ఆఫీసుకు ఏం రాయాలి?

ప్రశ్న: బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో డేటా ఎనలిటిక్స్ ఎమ్మెస్సీకి సెప్టెంబరు బ్యాచ్‌లో సీటు వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ ద్వారా దరఖాస్తు చేశాను. ఫీజు 26,000 పౌండ్లు, అందులో 3,000 స్కాలర్‌షిప్. పోయిన వారం ఆఫర్‌ను అంగీకరించి, మా బాబాయి కార్డుతో 2,000 పౌండ్ల డిపాజిట్ కట్టాం. ఇప్పుడేమో ఇల్లు తాకట్టు పెడితేనే అప్పిస్తామని బ్యాంకు అంటోంది. నాన్న రిటైరయ్యారు, ఇల్లు పెట్టడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. సీటు వద్దనుకున్నాం. అడ్మిషన్స్ ఆఫీసుకు కృతజ్ఞతతో, గౌరవంగా ఎలా రాయాలి? డబ్బు చాలక మానుకుంటున్నామని రాస్తే చులకన అవుతామా? తర్వాతెప్పుడైనా మళ్లీ దరఖాస్తు చేస్తే ఇది అడ్డొస్తుందా? కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం "మీరేమీ రాయకండి, మేం చూసుకుంటాం" అంటున్నారు.

జవాబు:

ముందు తేదీ చూడండి, మర్యాద సంగతి తర్వాత. మీరు ఆఫర్ అంగీకరించింది పోయిన వారమే అయితే మీ చేతిలో ఇంకా కొన్ని రోజులున్నాయి. ఆ కొన్ని రోజులకు 2,000 పౌండ్ల విలువ ఉంది.

నేను కొన్నేళ్లు బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయ అడ్మిషన్స్ ఆఫీసులో విదేశీ పీజీ దరఖాస్తులు చూశాను. అక్కడికి వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో ఎక్కువ శాతం చక్కని భాషలోనే ఉండేవి. లోపం భాషలో కాదు. రాసినవారు సీటు వద్దంటున్నారో, ఇంకొంత సాయం అడుగుతున్నారో చదివినవారికి తేలేది కాదు.

తేదీ విషయం చెప్పి అక్కడికి వస్తాను. బ్రిటన్‌లో ముఖాముఖి కాకుండా, అంటే పోర్టల్లోనో మెయిల్లోనో కుదిరిన ఒప్పందాన్ని వినియోగదారుడు 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చని 2013లో వచ్చిన వినియోగదారుల ఒప్పందాల నిబంధనలు చెబుతున్నాయి. ఆఫర్‌ను మీరు అంగీకరించిన మర్నాటి నుంచి లెక్క మొదలవుతుంది. శని, ఆదివారాలు కూడా ఆ 14లో కలిసే ఉంటాయి. మీ ఆఫర్ లెటరుతో పాటు వచ్చిన నియమనిబంధనల పత్రంలో 'cancel' అని వెతకండి. ఈ హక్కు గురించి ఒక పేరా కనిపించాలి, చాలాచోట్ల దాని వెంటే రద్దు చేసుకునే ఫారం కూడా ఉంటుంది. గడువులోపు మీరు మెయిల్ పంపితే చాలు, వాళ్లు దాన్ని ఎప్పుడు చదివారన్నది లెక్కలోకి రాదు. అలా రద్దు చేసుకుంటే మీరు తెలియజేసిన రోజు నుంచి 14 రోజుల్లోపు, మీరు కట్టిన మార్గంలోనే డిపాజిట్ తిరిగి ఇవ్వాలి.

ఆ గడువు దాటాక విశ్వవిద్యాలయం సొంత డిపాజిట్ విధానం వర్తిస్తుంది. అందులో సాధారణంగా రెండు మూడు సందర్భాలకే వాపసు రాసి ఉంటుంది: వీసా తిరస్కరణ పత్రం చూపించినప్పుడు, ఆఫర్‌లో అడిగిన మార్కులు రానప్పుడు, కోర్సునే వాళ్లు రద్దు చేసినప్పుడు. ఖర్చు ఎక్కువైందన్న కారణం ఆ జాబితాలో ఉండటం అరుదు. అందుకే ఇవాళ రాయడానికీ ఇంకో పది రోజులు ఇంట్లో తర్జనభర్జన పడి రాయడానికీ అంత తేడా. గడువు ఇప్పటికే దాటిపోయినా ఒకటి గమనించండి. రద్దు హక్కు ఉందని వాళ్లు మీకు ఎక్కడా రాతపూర్వకంగా చెప్పకపోతే ఆ 14 రోజుల గడువు ఏడాది వరకు పెరగవచ్చు. కాబట్టి ఆ పత్రాన్ని నిజంగా చదవండి.

ఇక కన్సల్టెన్సీ. వాళ్లు మోసం చేస్తున్నారని నేననను. కానీ వాళ్లకు కమిషన్ ఇచ్చేది విశ్వవిద్యాలయం, అదీ విద్యార్థి చేరాకే. మీరు మనసు మార్చుకుంటారేమోనని నెల రోజులు ఆగి చూడటంలో వాళ్లకు నష్టం లేదు, మీకు ఉంది. "మేం చూసుకుంటాం" అన్న మాట మీద గడువు దాటనివ్వకండి. మెయిల్ మీరే పంపండి, కన్సల్టెన్సీకి దాని ప్రతి పెట్టండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా కన్సల్టెన్సీలు దరఖాస్తులో తాము తెరిచిన మెయిల్ చిరునామా ఇస్తాయి. అప్పుడు మీ సొంత మెయిల్ నుంచి ఉత్తరం వెళితే, దరఖాస్తుదారు ఎవరో నిర్ధారించుకోలేక ఆఫీసు దాన్ని పక్కన పెడుతుంది. ఆఫర్ లెటర్ ఏ చిరునామాకు వచ్చిందో చూడండి. అది మీది కాకపోతే మెయిల్లో పూర్తి పేరు, దరఖాస్తు సంఖ్య, పుట్టిన తేదీ రాసి, పాస్‌పోర్టు ఫొటో పేజీ జతచేయండి. ఇకపై జవాబులు ఈ చిరునామాకే పంపమని ఒక వాక్యం చేర్చండి. పోర్టల్ పాస్‌వర్డ్ కూడా కన్సల్టెన్సీ నుంచి తీసుకోండి. అది అడిగి తీసుకునే హక్కు మీకుంది, ఆ దరఖాస్తు మీది.

పాస్‌వర్డ్ ఎందుకంటే, కొన్నిచోట్ల మెయిల్ ఒక్కటే పంపితే దరఖాస్తు మూతపడదు. పోర్టల్లో `Decline offer` లేదా `Withdraw application` అన్న మీట ఉంటే అది కూడా నొక్కాలి. ముందు మెయిల్, తర్వాత మీట, ఆ వరసలోనే చేయండి. కొన్ని పోర్టళ్లలో మీట నొక్కగానే లాగిన్ ఆగిపోతుంది, ఆఫర్ లెటరూ రసీదులూ ఇక కనిపించవు. కాబట్టి నొక్కే ముందు అవన్నీ దించుకుని పెట్టుకోండి, నొక్కాక వచ్చే తెరను ఫొటో తీసి ఉంచండి. `Defer` అన్న మీట పక్కనే ఉంటుంది. అది వచ్చే ఏడాదికి వాయిదా, దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఖర్చు కారణం చెబితే చులకన అవుతామా అన్నారు. కారు. సీటు వద్దన్నవారి రికార్డులో కారణానికి ఒక గడి ఉంటుంది, దాని కింద ఆర్థికం, వేరే విశ్వవిద్యాలయం, వీసా, వ్యక్తిగతం వంటివి ఉంటాయి. మీ ఉత్తరం చదివిన ఉద్యోగి 'ఆర్థికం' ఎంచుకుని తర్వాతి మెయిల్‌కు వెళ్లిపోతారు. విదేశీ విద్యార్థుల విషయంలో అది వాళ్లు రోజూ చూసే కారణం. స్కాలర్‌షిప్పులు ఎంతెంత ఉండాలో తేల్చుకునేటప్పుడు ఆ లెక్కలు వాళ్లకు పనికొస్తాయి కూడా.

కానీ మిగతా కారణాలకు లేని ఒక ఇబ్బంది ఈ కారణానికి ఉంది. "వేరేచోట చేరుతున్నాను" అంటే కథ ముగిసినట్టే. "డబ్బు సరిపోవడం లేదు" అంటే మాత్రం చదివేవారికి అది అడగడంలా వినిపిస్తుంది. మన పద్ధతి దాన్ని ఇంకా పెంచుతుంది. పెళ్లికి రాలేమని తెలిసినా "చూస్తామండీ" అంటామే, అలాగే ఉత్తరంలోనూ "ప్రస్తుత పరిస్థితుల్లో కష్టంగా ఉంది" అని రాసి ఊరుకుంటాం. ఎదుటివారు అర్థం చేసుకుంటారని మన నమ్మకం. అక్కడి ఉద్యోగి అర్థం చేసుకునేది వేరు.

నా దగ్గరికి వచ్చిన ఒక ఉత్తరం చెబుతాను. హైదరాబాద్ అబ్బాయే. మొదటి పేరాలో ధన్యవాదాలు, రెండో పేరాలో నాన్నగారి వ్యాపారం దెబ్బతిన్న వైనం, మూడో పేరాలో ఈసారికి చేరడం కష్టమన్న మాట, చివర "సానుభూతితో పరిశీలించగలరని ఆశిస్తున్నాను". సీటు వదులుకున్నానని అతని ఉద్దేశం. ఉత్తరం ముందుగా చూసిన సహోద్యోగి దాన్ని స్కాలర్‌షిప్ పెంచమన్న విన్నపం అనుకుని నిధుల విభాగానికి పంపారు. వాళ్లు రెండు వారాల తర్వాత ఇంకేమీ ఇవ్వలేమని జవాబిచ్చారు. ఈలోపు దరఖాస్తు యథాతథంగా నడిచింది, ఫీజు ఇన్‌వాయిస్ కూడా వెళ్లింది. అతను కంగారుగా ఫోను చేస్తే అప్పుడు ఫైలు మూశాం. రద్దు గడువు ఆ మధ్యలోనే దాటిపోయింది.

కాబట్టి రాసే ముందు ఇంట్లో ఒక్కటి తేల్చుకోండి: ఇంకో నాలుగైదు వేల పౌండ్లు ఇస్తే వెళతారా? వెళతామంటే ఇది తిరస్కరించే ఉత్తరం కాదు, సాయం అడిగే ఉత్తరం, దాన్ని వేరేగా రాయాలి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అలా లేదు. స్కాలర్‌షిప్ పోను ఫీజే 23,000. దానిపై వీసా కోసం తొమ్మిది నెలల జీవన ఖర్చు చూపించాలి, వీసా రుసుం కట్టాలి. ఏడాది కోర్సుకు వచ్చే పదహారు నెలల వీసాకు ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 చొప్పున 1,164 పౌండ్లు. ఇల్లు పెట్టకూడదని నిర్ణయించుకున్నాక ఒక రెండు వేలు తగ్గిస్తే తీరే లెక్క కాదిది. వాయిదా కూడా మంచి దారి కాదు. వచ్చే ఏడాది ఫీజు సాధారణంగా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ కొనసాగుతుందన్న హామీ ఉండదు, మీ డిపాజిట్ అక్కడే ఇరుక్కుంటుంది.

సబ్జెక్టు గడిలో ఇలా పెట్టండి. ఒకే మెయిల్ పెట్టెను పదిమంది చూసే ఆఫీసులో, రద్దీ నెలల్లో, ఏ ఉత్తరం ఎవరికి వెళ్లాలో ఈ ఒక్క వరుసే తేలుస్తుంది.

```
Cancellation of acceptance - MSc Data Analytics, September - Application ID 0000000
```

ఉత్తరం ఇంగ్లిషులోనే వెళ్లాలి. కానీ నేను విషయాన్ని తెలుగులో ఇస్తున్నాను, మీ ఇంగ్లిషులో మీరే రాసుకోండి. నెట్‌లో దొరికే నమూనాలు అక్షరం పొల్లు పోకుండా ఆ ఆఫీసుకు రోజూ వస్తుంటాయి, వాటిలో ధన్యవాదాలు ఎవరూ చదవరు.

"అడ్మిషన్స్ బృందానికి నమస్కారం. నా పేరు (పాస్‌పోర్టులో ఉన్నట్టు), దరఖాస్తు సంఖ్య, పుట్టిన తేదీ ఇవి. సెప్టెంబరులో మొదలయ్యే డేటా ఎనలిటిక్స్ ఎమ్మెస్సీలో మీరిచ్చిన సీటును ఫలానా తేదీన అంగీకరించాను. ఆ అంగీకారాన్ని 14 రోజుల గడువులోపు ఈ మెయిల్ ద్వారా రద్దు చేసుకుంటున్నాను. నా దరఖాస్తును ఉపసంహరించినట్టు నమోదు చేయగలరు.

స్కాలర్‌షిప్ కలుపుకున్నా మొత్తం ఖర్చు మా కుటుంబం భరించగలిగినదాని కంటే ఎక్కువగా ఉంది. ఇది మా తుది నిర్ణయం. ప్రవేశాన్ని వాయిదా వేయమని గానీ, అదనపు సాయం చేయమని గానీ కోరడం లేదు.

ఫలానా తేదీన 2,000 పౌండ్ల డిపాజిట్‌ను మా బాబాయి (పూర్తి పేరు) కార్డుతో చెల్లించాం. రసీదు జతచేశాను. ఆ మొత్తాన్ని అదే కార్డుకు తిరిగి పంపగలరు. ఇందుకు వేరే ఫారం నింపాల్సి ఉంటే తెలియజేయండి.

నాకు సీటుతో పాటు 3,000 పౌండ్ల స్కాలర్‌షిప్ ఇచ్చినందుకు ధన్యవాదాలు. నా మార్కుల పట్టికల విషయంలో అడిగిన ప్రశ్నలకు మీ ఆఫీసు ఓపికగా జవాబిచ్చింది, అందుకు ప్రత్యేకంగా కృతజ్ఞుణ్ని. ఆ స్కాలర్‌షిప్ మరొకరికి అందే వీలుంటుందని ఆలస్యం చేయకుండా తెలియజేస్తున్నాను.

ఈ మెయిల్ అందిందనీ, దరఖాస్తు మూసేశారనీ ఒక జవాబు పంపగలరు."

నిర్ణయం మొదటి పేరాలోనే ఉందని గమనించండి. మనవాళ్లకు ఇది మొరటుగా అనిపిస్తుంది, ధన్యవాదాలు ముందుండాలనిపిస్తుంది. చదివేవారికి మాత్రం పని ఏమిటో తెలిశాక వచ్చే ధన్యవాదమే నిండుగా ఉంటుంది. లేకపోతే వాళ్ల కళ్లు ఆ వరుసలు దాటి విషయం ఎక్కడుందా అని వెతుకుతుంటాయి.

ఖర్చు గురించి ఒక్క వాక్యమే రాశాను. నాన్న రిటైరవడం, బ్యాంకు షరతు, ఇంటి సంగతి రాయనవసరం లేదు. అవి దాచాల్సిన విషయాలు కావు గానీ, వివరం పెరిగేకొద్దీ ఉత్తరం విన్నపంలా మారుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు అసలే జతచేయకండి. క్షమాపణలు కూడా వద్దు, మీరు ఎవరికీ అన్యాయం చేయలేదు. రద్దు హక్కుకు కారణం అక్కర్లేదన్నాను కదా, కాబట్టి ఆ వాక్యం తీసేసినా వాపసు ఆగదు. అది మర్యాద కోసం, వాళ్ల రికార్డు కోసం మాత్రమే. ఇక ఆ రెండో పేరా చివరి వాక్యాన్ని మాత్రం దేనికోసమూ వదలకండి. హైదరాబాద్ అబ్బాయి ఉత్తరంలో లేనిది అదే.

ధన్యవాదాల పేరాలో నేను రాసిన మార్కుల పట్టికల సంగతి ఉదాహరణకే. మీ విషయంలో వాళ్లు నిజంగా చేసిన పని ఒకటి గుర్తు చేసుకుని అది రాయండి. గడువు రెండు రోజులు పొడిగించి ఉండవచ్చు, ఆన్‌లైన్ సమావేశంలో ఎవరైనా కోర్సు గురించి విడమరచి చెప్పి ఉండవచ్చు. ఏదీ గుర్తుకు రాకపోతే స్కాలర్‌షిప్ వాక్యం ఒక్కటి చాలు. స్కాలర్‌షిప్ మరొకరికి వెళుతుందన్న మాట కూడా ఆలోచించి వాడండి. కమిటీ ఎంపిక చేసి పరిమిత సంఖ్యలో ఇచ్చేదైతే అది నిజం. ఫలానా దేశం నుంచి వచ్చిన అందరికీ తగ్గించే ఫీజు రాయితీ అయితే అది ఎవరికీ వెళ్లదు, అప్పుడు ఆ వాక్యం తీసేయండి.

కోర్సు డైరెక్టరు గానీ మరో అధ్యాపకుడు గానీ మీతో స్వయంగా మాట్లాడి ఉంటే వారికి విడిగా నాలుగు వాక్యాలు రాయండి. అడ్మిషన్స్ పెట్టెకు వెళ్లిన ధన్యవాదాలు వారి దాకా చేరవు. ఆ ఉత్తరంలో డిపాజిట్ ఊసు ఉండకూడదు. మీకు సిఫారసు లేఖలు ఇచ్చిన ఇక్కడి అధ్యాపకులకు కూడా ఒక మాట చెప్పండి, రేపు మళ్లీ వారినే అడగాల్సి రావచ్చు.

పంపగానే వచ్చే ఆటోమేటిక్ జవాబును నిర్ధారణ అనుకోకండి. అయితే అది పంపిన తేదీకి సాక్ష్యం, దాచుకోండి. ఐదు పనిదినాల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే అదే మెయిల్‌కు కొనసాగింపుగా గుర్తు చేయండి, కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. డబ్బు బాబాయిగారి కార్డుకే వస్తుంది, మీ ఖాతాకు పంపమని అడిగినా సాధారణంగా ఒప్పుకోరు. ఎవరు కట్టారో వారికే తిరిగివ్వాలన్నది అక్రమ నగదు చలామణిని అడ్డుకునేందుకు పాటించే నియమం. అందుకే ఆ కార్డు గడువు తీరిందేమో, మార్చారేమో ఆయన్ను ఇప్పుడే కనుక్కోండి. వచ్చేది పౌండ్లలో కాబట్టి రూపాయల్లో కట్టిన మొత్తానికి అటూ ఇటూ అవుతుంది, బ్యాంకు తీసుకున్న మార్పిడి ఛార్జీలు తిరిగి రావు.

హాస్టల్ గది ముందే బుక్ చేసుకున్నారా? మీరు చెప్పలేదు. చేసుకుంటే అది వేరే ఒప్పందం, సీటు వదులుకున్నంత మాత్రాన గది రద్దు కాదు. ప్రైవేటు హాస్టలైతే మరీ, ఏడాది అద్దె అడిగే షరతులుంటాయి. వాళ్లకు ఇదే రోజు విడిగా రాయండి.

డిపాజిట్ కట్టి వారమే అయింది కాబట్టి క్యాస్ ఇంకా వచ్చి ఉండదు. వీసా దరఖాస్తుకు కావాల్సిన ఆ సంఖ్య ఒకవేళ వచ్చి ఉంటే, దాన్ని వెనక్కి తీసుకోమని ఉత్తరం మొదటి పేరాలోనే ఒక వాక్యం చేర్చండి. వీసాకు దరఖాస్తు కూడా పెట్టి ఉంటే నిర్ణయం రాకముందే దాన్ని ఉపసంహరించుకోండి, అప్పుడు ఆరోగ్య సర్‌ఛార్జి వెనక్కి వస్తుంది. వీసా మంజూరయ్యాక వెళ్లకుండా ఆగిపోతే అది రాదు.

మళ్లీ దరఖాస్తు చేయడం గురించి అడిగారు. పాత రికార్డు ఉంటుంది, అందులో 'దరఖాస్తుదారు వద్దన్నారు, ఆర్థికం' అని ఉంటుంది. కొత్త దరఖాస్తును ఆ ఏడాది ప్రమాణాలతో కొత్తగానే చూస్తారు. సీటు వదులుకోవడం వీసా తిరస్కరణ కాదు. రేపు ఏ దేశం వీసా ఫారంలోనైనా గతంలో తిరస్కరణ ఉందా అని అడిగితే దీన్ని రాయనక్కర్లేదు.

ఇదే అవసరం అమెరికా సీటు విషయంలో ఉన్నవారికి ఒక తేడా చెప్పాలి. ఏప్రిల్ 15 గడువని అందరూ అంటుంటారు. అది అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం నుంచి వచ్చింది, ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ వంటి ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్లకే వర్తిస్తుంది. సొంత ఖర్చుతో చేరే మాస్టర్స్ సీటుకు ఆ విశ్వవిద్యాలయం తన ఆఫర్ లెటర్‌లో రాసిన తేదీయే గడువు. బ్రిటన్ 14 రోజుల హక్కు అక్కడ లేదు, డిపాజిట్ వాపసు వాళ్ల విధానం మీదే ఆధారపడుతుంది. వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం వచ్చేసి ఉంటే దాన్ని రద్దు చేయమని ఉత్తరంలో అడగాలి.

మీరు అంగీకరించిన ఖచ్చితమైన తేదీ, నియమనిబంధనల్లో రద్దు గురించి ఉన్న పేరా ఇక్కడ పెడితే మిగతాది చూసి చెబుతాను. పేరు, దరఖాస్తు సంఖ్య కనిపించకుండా చెరిపి పెట్టండి. నా జవాబు కోసం మాత్రం మెయిల్ ఆపకండి.